పేరా మొదటి వాక్యాన్ని తిరగరాయడం ఎలా?

వ్యాసం రాయడం అయిపోయింది. చెప్పాలనుకున్నవన్నీ ఎక్కడో ఒకచోట ఉన్నాయి. అయినా చదివినవాళ్లు "బాగానే ఉంది కానీ, ఇంతకీ ఏమంటావు?" అని అడుగుతున్నారు. అప్పుడు చాలామంది మొత్తం చింపేసి మళ్లీ మొదటినుంచి రాయడానికి కూర్చుంటారు. చాలాసార్లు అంత అవసరం ఉండదు. ఒక్కో పేరాలో మొదటి వాక్యాన్ని తీసేసి, ఆ పేరా నిజంగా చెప్పే ఒకే ఒక్క సంగతిని సూటిగా చెప్పే వాక్యం అక్కడ పెడితే సగం గందరగోళం పోతుంది. మిగతా సగం, అలాంటి వాక్యం రాయబోయినప్పుడు బయటపడుతుంది. కొన్ని పేరాలకు ఆ వాక్యం ఎంత ప్రయత్నించినా కుదరదు. కుదరలేదంటే ఆ పేరాలో రెండు సంగతులున్నాయనో, అసలు ఒక్కటీ లేదనో అర్థం.

ఇలాంటి వాక్యాన్ని ఇంగ్లీషు బోధనలో టాపిక్ సెంటెన్స్ అంటారు. ఆ పేరు నాకు అంతగా నచ్చదు. టాపిక్ వేరు, పాయింట్ వేరు. "జ్ఞాపకశక్తి" అన్నది టాపిక్. జ్ఞాపకశక్తి గురించి మీరేమంటున్నారో అది పాయింట్. మొదటి వాక్యంలో టాపిక్ పేరు చెప్పి ఊరుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు, దానికి ఆ పేరు కూడా కొంత కారణమేమో అనిపిస్తుంది. అందుకని ఇక్కడ ముఖ్య వాక్యం అంటాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఇది తిరగరాసేటప్పుడు చేసే పని. మొదటిసారి రాస్తున్నప్పుడు దీని గురించి ఆలోచిస్తే కలం కదలదు.

ముందు మార్జిన్‌లో రాసుకోండి

చిత్తుప్రతిని ప్రింట్ తీసుకోండి, లేదా చేత్తో రాసినదైతే పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఒక్కో పేరా చదివి, కాగితం బోర్లించి, "ఇందులో ఏం చెప్పాను?" అన్నదానికి జవాబు పది మాటల్లోపు రాయండి. చూసి రాయకూడదు. చూసి రాస్తే మీ పాత మొదటి వాక్యమే మళ్లీ మార్జిన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. మీకు కావలసింది మీరు చెప్పాలనుకున్నది కాదు, చదివినవాడికి మిగిలేది.

జవాబు పూర్తి వాక్యంగా ఉండాలి. "పరీక్షల భయం" అని రాస్తే కుదరదు, "భయం తగ్గితే ప్రశ్న సరిగ్గా చదువుతారు" అని రాయాలి. పది మాటల్లో పట్టకపోతే, లేదా మధ్యలో "అలాగే" అని కలపాల్సి వస్తే, ఆ పేరా పక్కన ఒక చుక్క పెట్టి ముందుకు వెళ్లండి. దాని సంగతి తర్వాత చూద్దాం. ఆరేడు పేరాల వ్యాసానికి ఈ పనికి అరగంట చాలు.

ఇదంతా గాల్లో చెబితే అందదు కాబట్టి ఒక వ్యాసాన్నే తీసుకుంటాను. నా దగ్గరకు ఒకమ్మాయి తెచ్చిన చిత్తుప్రతి ఇది. పుస్తకం చూసి రాసే పరీక్షలు మంచివేనా అన్నది విషయం. మంచివే, కానీ అడిగే ప్రశ్నల తీరు మారితేనే అన్నది ఆమె వాదన. పరిచయం పేరా పక్కన పెడితే మిగిలిన అయిదు పేరాలూ ఇలా మొదలయ్యాయి:

రెండో పేరా: "పుస్తకం చూసి రాసే పరీక్షల గురించి ఈమధ్య చాలా చర్చ జరుగుతోంది."

మూడో పేరా: "జ్ఞాపకశక్తి అనేది చదువులో చాలా ముఖ్యమైన అంశం."

నాలుగో పేరా: "ఈ పద్ధతి వల్ల విద్యార్థులకు ఎన్నో ప్రయోజనాలు ఉన్నాయి, అలాగే కొన్ని సమస్యలు కూడా ఉన్నాయి."

అయిదో పేరా: "పరీక్ష హాల్లో పుస్తకం ఉంటే ఏమవుతుంది?"

ఆరో పేరా: "మరొక ముఖ్యమైన విషయం ఉపాధ్యాయులు."

ఈ అయిదూ వరసగా చదివి చూడండి. ఆమె పుస్తకం చూసి రాసే పరీక్షలకు అనుకూలమో వ్యతిరేకమో చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. పేరాల లోపల మాత్రం మంచి సంగతులే ఉన్నాయి.

వాక్యం చివర చూడండి

తెలుగులో క్రియ చివర వస్తుంది. వాక్యం దేని గురించో మొదట్లో తెలుస్తుంది, దాని గురించి ఏమంటున్నారో చివరికి గానీ తెలియదు. ముఖ్య వాక్యాన్ని పరీక్షించడానికి ఇదే మంచి వీలు. వాక్యం మొత్తం చేత్తో మూసి, చివరి రెండు మూడు మాటలు మాత్రం కనిపించేలా ఉంచండి. "చర్చ జరుగుతోంది", "ముఖ్యమైన అంశం", "కూడా ఉన్నాయి", "ఏమవుతుంది", "విషయం ఉపాధ్యాయులు". ఈ తోకలు ఏ వ్యాసంలో ఏ పేరాకైనా అతుకుతాయి. అంటే వాక్యంలో చెప్పేచోట ఏమీ చెప్పలేదు.

చెక్ చేసేటప్పుడు నేను వెతికే ఖాళీ తోకలు ఇంకొన్ని ఉన్నాయి. "గురించి తెలుసుకుందాం", "అనేది అందరికీ తెలిసిందే", "ఎంతో అవసరం", "కీలక పాత్ర పోషిస్తుంది", "పరిశీలించాల్సి ఉంది". వీటిలో "కీలక పాత్ర" మరీ మోసకారి, ఏదో పెద్ద మాట చెప్పినట్టే ఉంటుంది. ఆ పాత్ర ఏమిటి? అది చెప్పేదాకా వాక్యం పూర్తి కానట్టే.

రెండో పరీక్ష, వాక్యాన్ని తిప్పి చూడటం. "జ్ఞాపకశక్తి చదువులో ముఖ్యం కాదు" అని ఎవరైనా అంటారా? అనరు. ఎవరూ కాదనలేని మాటతో వాదన పేరా మొదలుపెడితే, మిగతా పేరాకు నిరూపించాల్సిన పని ఉండదు, అందుకే అది దారి తప్పుతుంది. ఇది వాదించే పేరాలకు మాత్రమే వర్తిస్తుంది. ఒక యంత్రం ఎలా పనిచేస్తుందో, ఒక నియమం ఏం చెబుతుందో వివరించే పేరాలో ముఖ్య వాక్యం ఎవరూ కాదనని నిజమే అయినా తప్పు లేదు.

పాయింట్ ఎక్కడ దాక్కుందో వెతకండి

కొత్త వాక్యం సొంతంగా ఆలోచించి కల్పించాల్సిన అవసరం తరచుగా రాదు. అది పేరాలోనే ఉంటుంది, ఎక్కువసార్లు ఆఖరి వాక్యంలో. కారణం తేలికే. మొదలుపెట్టినప్పుడు మనకు టాపిక్ మాత్రమే తెలుసు. రాస్తూ రాస్తూ ఉంటే ఆలోచన తేలుతుంది, తేలేసరికి పేరా అయిపోతుంది. ఆ నాలుగో పేరా మొత్తం ఇలా ఉంది:

"ఈ పద్ధతి వల్ల విద్యార్థులకు ఎన్నో ప్రయోజనాలు ఉన్నాయి, అలాగే కొన్ని సమస్యలు కూడా ఉన్నాయి. పుస్తకం పక్కనే ఉంటుంది కాబట్టి మర్చిపోతామన్న టెన్షన్ ఉండదు. సూత్రాలు, తేదీలు బట్టీ పట్టాల్సిన పని లేదు. అయితే పుస్తకం ఉంది కదా అని చాలామంది ముందు చదవరు. తీరా పరీక్షలో జవాబు ఏ పేజీలో ఉందో వెతుక్కుంటూ కూర్చుంటారు. మూడు గంటల్లో ఒక గంట పేజీలు తిప్పడానికే పోతుంది. ముందే చదివి, ఏది ఎక్కడుందో తెలిసినవాళ్లకు అదే పేజీ తీయడం నిమిషం పని. కాబట్టి పుస్తకం చూసి రాసే పరీక్షకు తక్కువ చదివితే చాలనుకోవడం పొరపాటు."

మార్జిన్‌లో ఆమె రాసుకున్నది: "టెన్షన్ ఉండదు, అలాగే చదవకపోతే టైమ్ వేస్ట్". అదిగో "అలాగే". చుక్క పడింది.

ఇప్పుడు ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి, అది దేనికోసం ఉందో చూశాం. రెండు, మూడు వాక్యాలు భయం గురించి. నాలుగు నుంచి ఏడు వరకు వెతుకులాటలో పోయే సమయం గురించి. ఎనిమిదోది వీటినుంచి తేల్చిన మాట. మొదటి వాక్యం ఈ రెండు గుంపులకూ గొడుగు పట్టడానికి పుట్టింది. "ప్రయోజనాలూ ఉన్నాయి, సమస్యలూ ఉన్నాయి" అన్న వాక్యం ఎక్కడ కనిపించినా, రెండు పేరాలు ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయని అనుకోవచ్చు.

భయం గురించిన రెండు వాక్యాలకూ ఇక్కడ పనిలేదు. అదృష్టం కొద్దీ మూడో పేరాకు మార్జిన్‌లో ఆమె "గుర్తుండదేమోనన్న భయమే సగం మార్కులు పోగొడుతుంది" అని రాసుకుంది. జ్ఞాపకశక్తి ముఖ్యమని మొదలైన ఆ పేరా లోపలంతా భయం గురించే ఉంది. కాబట్టి ఈ రెండు వాక్యాలూ అక్కడికి వెళ్లిపోయాయి. అక్కడున్న పాత మొదటి వాక్యం ఏ పేరాకూ చెందనిదిగా మిగిలిపోయింది. కొట్టేశాం. జ్ఞాపకశక్తి ముఖ్యమన్న మాట ఆమె వాదనకు ఎదురు కూడా, అయినా ఇద్దరం మొదటి చదువులో అది గమనించనేలేదు.

ఇక్కడ ఆమె అడిగింది, "ఆఖరి వాక్యమే మొదట రాసి ఉంటే అయిపోయేది కదా సార్?" అని. "రాయగలిగేదానివి కాదమ్మా, ఆ ముక్క నీకు తట్టిందే చివర్లో" అన్నాను.

నాలుగు సార్లు రాయండి

ఆఖరి వాక్యాన్ని ఎత్తి మొదట పెట్టేస్తే పని అయిపోతుందా? కొన్నిసార్లు అయిపోతుంది. ఎక్కువసార్లు అది అలాగే అతకదు. పేరా అంతా చదివి వచ్చినవాడికి అర్థమయ్యేలా రాసిన వాక్యం అది, ఇప్పుడే గడపలో అడుగుపెట్టినవాడికి కాదు. "కాబట్టి" అని మొదలవుతుంది, ముందేమీ లేకుండా "కాబట్టి" ఏమిటి? అందుకే దాన్ని ముడిసరుకుగా తీసుకుని మూడు నాలుగు రకాలుగా రాసి చూడాలి. మేం రాసినవి ఇవి.

మొదటిది: "పుస్తకం చూసి రాసే పరీక్షకు కూడా బాగా చదవాలి." నిజమే, కానీ ఇది హితబోధ. ఎందుకు చదవాలో, చదవకపోతే ఏం జరుగుతుందో ఇందులో లేదు. తర్వాత వచ్చే పేజీలు తిప్పడాలకూ దీనికీ సంబంధం చదివేవాడే కట్టుకోవాలి.

రెండోది: "పుస్తకం ఉంది కదా అని ముందు చదవకుండా వచ్చి, జవాబు ఏ పేజీలో ఉందో వెతుక్కుంటూ, మూడు గంటల్లో ఒక గంట పేజీలు తిప్పడానికే పోగొట్టుకుని విద్యార్థులు నష్టపోతారు." ఇందులో అన్నీ ఉన్నాయి, అదే ఇబ్బంది. పేరాలో చెప్పాల్సిందంతా మొదటే చెప్పేశాక మిగతా వాక్యాలు దాన్నే మళ్లీ చెప్పాలి. పైగా వచ్చి, వెతుక్కుంటూ, పోగొట్టుకుని అంటూ పొడవైన గొలుసు. ఇలాంటి గొలుసుల్లో అన్నిటికీ ఒకే బరువు పడుతుంది, చివరన "నష్టపోతారు" అన్న మాట అలసిపోయి వస్తుంది. ముఖ్య వాక్యంలో ఇలాంటి అసమాపక క్రియలు రెండు దాటితే అనుమానించండి.

మూడోది: "ముందు చదవనివాళ్లకు పుస్తకం చేతిలో ఉన్నా అక్కరకు రాదు." చిన్నగా, గట్టిగా ఉంది. నాకు ముచ్చటేసింది కూడా. కానీ పేరా ఇంత మాట అనడం లేదు. చదవనివాళ్లకూ జవాబు దొరుకుతుంది, ఆలస్యంగా. మొదటి వాక్యం పేరా మోయగలిగినదానికంటే పెద్దదైతే, చదివేవాడు చివరికి వచ్చి "అంతేనా?" అంటాడు.

నాలుగోది: "పుస్తకం చూసి రాసే పరీక్షలో ముందు చదవనివాళ్లు పోగొట్టుకునేది జవాబును కాదు, సమయాన్ని." దీన్ని ఉంచుకున్నాం. పేరాలో ఉన్నంతే అంటోంది. అంతకుమించి, చదివేవాడిలో "ఎలా?" అన్న ప్రశ్న లేపుతోంది. ముఖ్య వాక్యం పని అదే. మిగతా వాక్యాలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఆ నాలుగో వాక్యం నిర్మాణం గమనించారా? "పోగొట్టుకునేది ఇది కాదు, అది." మనం నోటితో వాదించేటప్పుడు ఇలాగే మాట్లాడతాం. "నేను అడిగేది డబ్బు కాదు, లెక్క" అంటాం. రాసేటప్పుడు మాత్రం "అనేది ముఖ్యమైన అంశం" అని బిగుసుకుపోతాం. వాక్యంలో బరువు పడాల్సిన మాటను చివరికి తోసే వీలు ఈ నిర్మాణంలో ఉంది, పైగా ఎదుటివాడు అనుకునేదాన్ని పక్కకు నెట్టి మీ మాటను దాని స్థానంలో పెడుతుంది. పాయింట్ దొరక్క తన్నుకులాడుతున్నప్పుడు "నేను అనేది ... కాదు, ..." అని ఖాళీలు పెట్టుకుని నింపి చూడండి. వాక్యం చివరికి ఆ రూపంలో లేకపోయినా సరే, పాయింట్ ఏమిటో బయటికి వస్తుంది.

ఇప్పుడు కింది వాక్యాలు సర్దండి

కొత్త వాక్యం పెట్టి వదిలేయకండి. కొత్త ముఖ్య వాక్యం వచ్చాక పాత పేరా కొంచెమైనా కదలాలి. ఒక్కో వాక్యాన్నీ "ఎలా?" అని అడగండి. "పుస్తకం ఉంది కదా అని చాలామంది ముందు చదవరు" అన్నది జవాబులో మొదటి మెట్టు. "అయితే" మాత్రం పోవాలి, అది భయం వాక్యాలకు ఎదురుగా పెట్టినది. వెతుకులాట, ఉంటుంది. చదివినవాళ్లకు నిమిషం పని, తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే పోల్చి చూపించేది అదొక్కటే. ఆఖరి "కాబట్టి" వాక్యం మాత్రం తీసేశాం. ముఖ్య వాక్యమూ, పోలికా ఉన్నాక ఆ ముక్క చదివేవాడికి ఎలాగూ తడుతుంది.

మిగిలింది "మూడు గంటల్లో ఒక గంట పేజీలు తిప్పడానికే పోతుంది" అన్న వాక్యం. పాత పేరాలో ఇది ఎవరి కంటా పడలేదు, గుంపులో ఒకటి. ఇప్పుడు ముఖ్య వాక్యం సమయం గురించి కాబట్టి మొత్తం బరువు దీనిమీదే పడింది. ఈ లెక్క ఎక్కడిదని అడిగితే, అంచనాగా రాశానంది. అలా కుదరదు. తనకు నిజంగా జరిగినదైతే "నేను రాసిన పరీక్షలో" అని చెప్పాలి, లేదా అంకె తీసేసి "రాయాల్సిన సమయం పేజీలు తిప్పడానికి పోతుంది" అనాలి. ఆమె అంకె తీసేసింది. పాయింట్ స్పష్టం చేస్తే ఆధారం ఎంత పలచగా ఉందో కూడా స్పష్టమవుతుంది. దీనికి సిద్ధంగా ఉండండి.

పేరా చివరికి ఇలా తయారైంది:

"పుస్తకం చూసి రాసే పరీక్షలో ముందు చదవనివాళ్లు పోగొట్టుకునేది జవాబును కాదు, సమయాన్ని. పుస్తకం ఉంది కదా అని చాలామంది ముందు చదవరు. తీరా పరీక్షలో జవాబు ఏ పేజీలో ఉందో వెతుక్కుంటూ కూర్చుంటారు. రాయాల్సిన సమయం పేజీలు తిప్పడానికి పోతుంది. ముందే చదివి, ఏది ఎక్కడుందో తెలిసినవాళ్లకు అదే పేజీ తీయడం నిమిషం పని."

మిగతా పేరాలు

వీటికి అంత సమయం పట్టలేదు. ప్రశ్నతో మొదలైన అయిదో పేరాకు, ఆ ప్రశ్నకు పేరా ఇచ్చిన జవాబునే మొదటి వాక్యం చేశాం. పుస్తకంలో ఉన్నదున్నట్టు దొరికే ప్రశ్నలు అడిగితే అందరూ ఎత్తి రాస్తారన్నది ఆ జవాబు. ప్రశ్నతో పేరా మొదలుపెట్టడం నేరమేమీ కాదు, కానీ రెండో వాక్యంలోనే జవాబు రావాలి. ఆరు వాక్యాల తర్వాత వస్తే అది పొడుపుకథ.

"మరొక ముఖ్యమైన విషయం" అన్నదానికి వేరే జబ్బు. ఈ మాటతో మొదలైన పేరాను వ్యాసంలో ఎక్కడికైనా జరపవచ్చు, ఎవరికీ తేడా తెలియదు. నమ్మకం లేకపోతే రెండు పేరాలు తారుమారు చేసి ఒక మిత్రుడికి చదవడానికి ఇవ్వండి. అతను ఆగకుండా చదువుకుపోయాడంటే, ఆ రెండింటి మొదటి వాక్యాలకూ ముందు పేరాతో సంబంధం లేదన్నమాట. "మరొక", "ఇంకా", "అదేవిధంగా" అన్నవి పక్కన పక్కన పెడతాయి, ముడి వేయవు. "అందుకే", "అయినా", "అలాగని" లాంటివి ముడి వేస్తాయి. అయితే ముడి ఉన్నచోటే వాటిని వాడాలి. నిజంగా కారణం కానిదాన్ని "అందుకే" అని కలిపితే మొదటికే మోసం.

ప్రముఖుల సూక్తితో మొదలయ్యే పేరాలు ఈ వ్యాసంలో లేవు, మీ వ్యాసంలో ఉండవచ్చు. సూక్తిని రెండో వాక్యంగా జరపండి. పేరా మొదటి మాట మీది కావాలి.

మొదటి వాక్యాలు మాత్రమే వరసగా చదవండి

అన్నీ అయ్యాక, కొత్త వాక్యాలను వేరే కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకున్నాం.

"పుస్తకం పక్కన పెట్టి రాయించే పరీక్ష కొలిచేది జ్ఞాపకాన్ని కాదు, తెలిసినదాన్ని వాడుకునే నేర్పును."

"గుర్తుండదేమోనన్న భయం పోతే విద్యార్థి ప్రశ్నను నింపాదిగా చదవగలుగుతాడు."

"పుస్తకం చూసి రాసే పరీక్షలో ముందు చదవనివాళ్లు పోగొట్టుకునేది జవాబును కాదు, సమయాన్ని."

"పుస్తకంలో ఉన్నదున్నట్టు దొరికే ప్రశ్నలు అడిగితే ఈ పరీక్ష చూచిరాతగా మిగిలిపోతుంది."

"అందుకే ముందు మారాల్సింది ప్రశ్నపత్రం, దాన్ని తయారుచేయడానికి ఉపాధ్యాయులకు ఇచ్చే సమయం."

వ్యాసం చదవకుండానే వాదన తెలుస్తోంది. కానీ రెండు లోపాలు కనిపించాయి, విడివిడిగా చూసినప్పుడు కనిపించనివి. ఒకటి, "ఇది కాదు, అది" అన్న అచ్చు రెండుసార్లు పడింది. ఆ నిర్మాణం కారం లాంటిది, వ్యాసానికి ఒకసారి చాలు. నాలుగో పేరా వాక్యాన్ని ఉంచి, రెండో పేరా వాక్యాన్ని "పుస్తకం పక్కన పెట్టి రాయిస్తే, విద్యార్థి తనకు తెలిసినదాన్ని ఎలా వాడుకుంటాడో బయటపడుతుంది" అని మార్చాం.

రెండోది, భయం పేరానుంచి సమయం పేరాకు వచ్చేటప్పుడు కుదుపు. అక్కడిదాకా పొగిడి, ఒక్కసారిగా నష్టం గురించి మాట్లాడుతోంది. మలుపు ఉన్నచోట మలుపు ఉందని చెప్పాలి. ముఖ్య వాక్యం ముందు ఒక చిన్న వాక్యం చేర్చాం: "అయితే ఈ నింపాదితనం అందరికీ దొరకదు." దాంతో పాత పేరాలో ఉన్న మాటను పట్టుకుని కొత్త పేరాలోకి అడుగుపెట్టినట్టయింది. ఇప్పుడు ముఖ్య వాక్యం పేరాలో రెండోది, ఏం ఫర్వాలేదు. ముందున్నది దారి చూపించే వాక్యమైతే ముఖ్య వాక్యం రెండో స్థానంలో ఉండవచ్చు. మూడో స్థానానికి జారితే మాత్రం చదివేవాడు మొదటి వాక్యాన్నే పాయింట్ అనుకుని వెళ్లిపోతాడు.

ఎక్కడ ఈ పద్ధతి వద్దు

పేరా మొదటి వాక్యమే విషయం చెప్పాలన్న నియమాన్ని పాఠంగా స్థిరపరిచినవాళ్లలో ముఖ్యుడు అలెగ్జాండర్ బెయిన్ అనే స్కాట్లండ్ పండితుడు. 1866లో వచ్చిన తన రచనా బోధన పుస్తకంలో పేరాకు నియమాలు రాశాడు. అప్పటినుంచి పాఠ్యపుస్తకాలు దాన్నే చెబుతూ వచ్చాయి. 1974లో రిచర్డ్ బ్రాడక్ అనే అమెరికన్ పరిశోధకుడు పత్రికల్లో వచ్చిన వ్యాసాలు తీసుకుని లెక్కపెడితే, పేరా మొదట్లోనే ముఖ్య వాక్యం ఉన్నవి నూటికి 13 మాత్రమే తేలాయి. చేయి తిరిగిన రచయితలు ఈ నియమాన్ని అంతగా పట్టించుకోరన్నమాట.

అలాగని ఆ లెక్క చూపించి తప్పించుకోకండి. అదే బ్రాడక్, కొన్ని పేరాలు ముఖ్య వాక్యం ఉండి ఉంటే ఇంకా తేలిగ్గా అర్థమయ్యేవని కూడా అన్నాడు. నా అభిప్రాయంలో విషయం ఇది: పేరా చదివినవాళ్లందరూ మార్జిన్‌లో ఒకే మాట రాయగలిగితే, ఆ మాట పేరాలో వాక్యంగా లేకపోయినా నష్టం లేదు. జరిగిన సంఘటనను వరసగా చెప్పే పేరాలు సాధారణంగా అలాంటివి. వాటి మొదట్లో పాయింట్ అతికిస్తే కథ చెప్పకముందే నీతి చెప్పినట్టుంటుంది. ముందు ఎదుటివాళ్ల వాదన నిజాయతీగా చెప్పి తర్వాత ఖండించే పేరాలో కూడా మీ పాయింట్ మధ్యలోనే రావాలి. కానీ అలాంటి పేరా మొదటి వాక్యంలో "కొందరి వాదన", "అనుకునేవారున్నారు" లాంటి గుర్తు తప్పనిసరి. లేకపోతే వాళ్ల మాట మీ నెత్తికి చుట్టుకుంటుంది. పరీక్షల్లో, గడువుల మధ్య దిద్దేవాళ్లకు రాసే వ్యాసాల్లో మాత్రం ముఖ్య వాక్యాన్ని మొదటే పెట్టండి. వాళ్లకు వెతికే ఓపిక ఉండదు, ఆ మాట దిద్దేవాడిగా చెబుతున్నాను.

ఆ అమ్మాయి వ్యాసంలో ఇంకా ఒక పని మిగిలింది. ఆరో పేరా మొదటి వాక్యం ఇప్పుడు ప్రశ్నపత్రం గురించీ, ఉపాధ్యాయులకు ఇచ్చే సమయం గురించీ మాట్లాడుతోంది. కింద ఉన్నవి మూడే వాక్యాలు, మూడూ ఉపాధ్యాయులు ఎంత కష్టపడతారో చెప్పేవి. ఎత్తి రాయడానికి వీల్లేని ప్రశ్న ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ కూడా లేదు. వాదన అంతా నిలబడేదే ఆ ఉదాహరణ మీద. మొదటి వాక్యం అలాగే ఉంచి, దానికింద కాగితం ఖాళీగా వదిలి, ఒక మంచి ప్రశ్న తయారుచేసి తెమ్మని పంపించాను.